'జాఁతిమాఁ' అపవాదమేనా? ఫ్రెంచి క్రియావిశేషణ ప్రత్యయ చరిత్ర - ఒక పరిశీలన

ఫ్రెంచి వ్యాకరణ పాఠ్యగ్రంథాలలో క్రియావిశేషణాల ప్రకరణం సాధారణంగా ఒక సూత్రంతో మొదలై ఒక పట్టికతో ముగుస్తుంది. విశేషణాన్ని స్త్రీలింగ రూపంలోకి మార్చి, దానికి '-మాఁ' అనే ప్రత్యయాన్ని చేర్చాలన్నది సూత్రం. ఆ సూత్రానికి లొంగని పదాల జాబితా పట్టిక. 'మృదువైన' అనే అర్థంలో పుంలింగ రూపం 'దూ', స్త్రీలింగ రూపం 'దూస్', క్రియావిశేషణం 'దూస్‌మాఁ'. 'చురుకైన' అనే అర్థంలో 'వీఫ్', 'వీవ్', 'వీవ్‌మాఁ'. ఇంతవరకు ఇబ్బంది లేదు. 'మంచి, దయగల' అనే అర్థంలోని 'జాఁతీ' దగ్గరకు వచ్చేసరికి సూత్రం ఆగిపోతుంది. దాని స్త్రీలింగ రూపం 'జాఁతీయ్' కాబట్టి 'జాఁతీయ్‌మాఁ' సిద్ధించాలి. వాడుకలో ఉన్నది మాత్రం 'జాఁతిమాఁ'. ఫ్రెంచి నేర్చుకొనేవారు తరచుగా చేసే తప్పు ఆ సూత్రసిద్ధ రూపాన్ని వాడడమే.

పట్టిక అపవాదం ఎక్కడ ఉందో చెబుతుంది, ఎందుకు ఉందో చెప్పదు. తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో 'బహుళ' గ్రహణం చేసే పనీ ఇటువంటిదే. అసలు స్త్రీలింగ రూపానికే ప్రత్యయం ఎందుకు చేరాలి, 'జాఁతిమాఁ'లో ఆ స్త్రీలింగం ఏమైంది అనే రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట, ప్రత్యయ చరిత్రలో, దొరుకుతుంది. ఆ చరిత్రను అనుసరించి చూస్తే పాఠ్యగ్రంథాల 'నియమం', 'అపవాదం' అనే పేర్లు కొన్ని పదాల విషయంలో తారుమారవుతాయి. ఏ పదాల విషయంలో తారుమారవుతాయి, ఏ పదాల విషయంలో కావు అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

లిప్యంతరీకరణ గురించి ఒక మాట అవసరం. ఆధునిక ఫ్రెంచి పదాలు ఇక్కడ ఉచ్చారణను అనుసరించి ఉన్నాయి. ఫ్రెంచిలోని అనునాసిక అచ్చును అరసున్న సూచిస్తుంది. ప్రాచీన ఫ్రెంచి రూపాలను మాత్రం, పదాంత హల్లులు అప్పట్లో పలికేవి కాబట్టి, వాటితో సహా చూపడం జరిగింది.

మనస్సు నుంచి ప్రత్యయం

'-మాఁ' ప్రత్యయానికి మూలం లాటిన్‌లో 'మనస్సు' అనే అర్థం గల 'మెన్స్' అనే నామం. దాని ఐదవ విభక్తి ఏకవచన రూపం 'మెంతే'. లాటిన్‌లో ఈ విభక్తి తృతీయార్థాన్ని కూడా ఇస్తుంది గనుక 'మెంతే' అంటే 'మనస్సుతో' అని. దీనికి ముందో వెనుకో ఒక విశేషణం చేరితే 'భక్తిగల మనస్సుతో', 'దృఢమైన మనస్సుతో' వంటి పదబంధాలు ఏర్పడతాయి. క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్దికి చెందిన కాటులస్ ఎనిమిదవ కవితలో ఇటువంటి ప్రయోగం ఉంది. అక్కడ 'మెంతే' స్వతంత్ర పదమే. ఒక మనిషి తన మనస్సును ఏ స్థితిలో ఉంచుకోవాలో అది చెబుతుంది.

'మెన్స్' స్త్రీలింగ నామం. లాటిన్‌లో విశేషణం తాను విశేషించే నామం లింగవచన విభక్తులను అనుసరించాలి. కాబట్టి 'మెంతే' పక్కన నిలిచిన ప్రతి విశేషణమూ స్త్రీలింగంలోనే ఉండేది. నేటి ఫ్రెంచి సూత్రంలోని స్త్రీలింగ నియమానికి ఇదొక్కటే కారణం. నామం అరిగి ప్రత్యయమైపోయింది. దాని లింగం మాత్రం పక్క పదంలో మిగిలిపోయింది.

ఈ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పడానికి అర్థమే మంచి గీటురాయి. 'ఆయన నిర్మలమైన మనస్సుతో ఇచ్చాడు' అనవచ్చు గాని, 'బండి నెమ్మదైన మనస్సుతో కదిలింది' అనలేము. మనస్సు లేని కర్తకు, మనఃస్థితిని చెప్పని విశేషణానికి కూడా 'మెంతే' చేరగలిగిన నాడు అది నామం కాకుండా పోయిందని నిర్ణయించవచ్చు. ఇందుకు తరచుగా ఉదహరించే సాక్ష్యం ఎనిమిదవ శతాబ్దికి చెందిన రైచెనావ్ పదకోశం. బైబిలు లాటిన్ అనువాదంలోని పదాలు ఆనాటి చదువరులకు కష్టమైపోవడంతో, వాటికి తేలిక పదాలతో అర్థం చెప్పడానికి తయారైన కోశమిది. అందులో 'సింగులారితెర్' అనే ప్రాచీన క్రియావిశేషణానికి ఇచ్చిన అర్థం 'సోలామెంతే'. 'సోలా' అంటే 'ఒంటరి', స్త్రీలింగ రూపం. 'ఒంటరి మనస్సుతో' అన్న అర్థం అక్కడ పొసగదు. 'కేవలం, ఒక్కటిగా' అన్నదే అర్థం. నేటి ఫ్రెంచిలో 'మాత్రమే' అనే అర్థంలో వాడే 'సొల్‌మాఁ' దీని సంతతే.

పాత క్రియావిశేషణ ప్రత్యయాలు ఎందుకు పోయాయన్నది దీనికి అవతలి ముఖం. ప్రాచీన లాటిన్‌లో విశేషణం నుంచి క్రియావిశేషణం ఏర్పడడానికి ప్రధానంగా '-ఏ', '-ఇతెర్' అనే రెండు ప్రత్యయాలు ఉండేవి. పదాంత అచ్చులు క్షీణించడంతో మొదటిదానికి గుర్తింపు పోయింది. 'బెనె' నుంచి 'బియాఁ' (బాగా), 'మాలె' నుంచి 'మాల్' (చెడుగా) వంటి కొద్ది పదాలు మాత్రమే మిగిలాయి. ప్రత్యయం వినిపించని చోట భాష కొత్త ప్రత్యయాన్ని వెతుక్కుంది. తెలుగులో 'అగు' ధాతువు నుంచి వచ్చిన 'కాఁగా' వంటి రూపం అరిగి '-గా' అయి, 'నెమ్మదిగా', 'మెత్తగా' వంటి పదాలలో ప్రత్యయంగా స్థిరపడింది. మూలం నామమా ధాతువా అన్నదే భేదం. స్వతంత్ర పదం అర్థాన్ని కోల్పోయి వ్యాకరణ కార్యానికి పరిమితం కావడం రెండు చోట్లా ఒకటే.

'మెంతే' అన్ని రొమాన్సు భాషలలో ఒకే మేరకు ప్రత్యయం కాలేదు. స్పానిష్‌లో రెండు క్రియావిశేషణాలు వరుసగా వచ్చినప్పుడు మొదటిదానికి ప్రత్యయం లోపిస్తుంది. 'స్పష్టంగానూ క్లుప్తంగానూ' అనడానికి 'క్లారా ఇ కోన్సీసమెంతే' అంటారు. చివరి పదంలోని 'మెంతే' రెండింటికీ వర్తిస్తుంది. తెలుగులో 'శాంత గంభీరంగా' అన్నప్పుడు '-గా' ఒకే సారి రావడం వంటిదే ఇది, తెలుగులో అది సమాసం ద్వారా సిద్ధిస్తుందన్నది వేరే సంగతి. నేటి ఫ్రెంచిలో ఈ సౌలభ్యం లేదు, ప్రతి పదానికీ ప్రత్యయం చేరవలసిందే. ప్రాచీన ఫ్రెంచిలో మాత్రం అటువంటి ప్రయోగం కనిపిస్తుంది. 'రోలాఁ గీతం'గా ప్రసిద్ధమైన వీరకావ్యంలో నాయకుడు తన సైనికులను చూసే సందర్భంలో రెండు విశేషణాలకు ఒకే ప్రత్యయం వచ్చింది. ప్రత్యయం అప్పటికింకా పూర్తిగా అతుక్కోలేదనడానికి అది చిన్న ఆధారం.

ఒకే రూపం గల విశేషణాలు

'జాఁతిమాఁ' సమస్య ఇక్కడి నుంచి మొదలవుతుంది. లాటిన్ విశేషణాలు రెండు పెద్ద తరగతులు. మొదటి తరగతిలో పుంలింగానికి '-ఉస్', స్త్రీలింగానికి '-ఆ' అని వేరు వేరు అంత్యాలు ఉండేవి. ఆ '-ఆ' ప్రాచీన ఫ్రెంచిలో బలహీనమైన ఎకారంగా మారింది. నేటి ఫ్రెంచిలో అది లిపిలో మిగిలి, ఉచ్చారణలో చాలావరకు మూగవోయింది. అయినా తనకు ముందున్న హల్లును పలికిస్తుంది. 'దూస్' చివర సకారం వినిపించడానికి కారణం ఆ మూగ ఎకారమే.

రెండవ తరగతిలో స్త్రీపుంలింగాలకు ఒకే రూపం. 'గొప్ప' అనే అర్థం గల 'గ్రాందిస్', 'బలమైన' అనే అర్థం గల 'ఫోర్తిస్', 'ఒకే వంశానికి చెందిన' అనే అర్థం గల 'గెంతీలిస్' ఈ తరగతివి. వాటిలో '-ఆ' లేదు కాబట్టి ప్రాచీన ఫ్రెంచిలో వాటి స్త్రీలింగానికి ఎకారం రాలేదు. 'గ్రాంత్', 'ఫోర్త్', 'జెంతిల్' అనే రూపాలే రెండు లింగాలకూ చెల్లేవి.

ఈ స్థితికి నేటికీ సాక్ష్యాలున్నాయి. 'అమ్మమ్మ, నానమ్మ' అనడానికి ఫ్రెంచి పదం 'గ్రాఁ-మేర్'. 'మేర్' అంటే తల్లి, స్త్రీలింగం. నేటి నియమం ప్రకారం 'గ్రాఁద్-మేర్' కావాలి, అయినా ఎవరూ అలా అనరు. పదబంధం ఏర్పడిన కాలంలో స్త్రీలింగ రూపం కూడా 'గ్రాంత్' అనే ఉండడమే ఇందుకు కారణం. తరువాతి కాలపు పండితులు ఈ పదంలో ఎకారం లోపించిందని భావించి, లోపాన్ని సూచించే చిహ్నాన్ని మధ్యలో రాస్తూ వచ్చారు. ఎన్నడూ లేని అక్షరానికి లోపచిహ్నం పెట్టడమన్నమాట. ఫ్రెంచి అకాడమీ 1932లో తన నిఘంటువు ఎనిమిదవ ముద్రణలో ఆ చిహ్నాన్ని తొలగించి చిన్న గీతను పెట్టింది. 'రోష్‌ఫోర్' అనే ఊరిపేరులోనూ ఇదే కనిపిస్తుంది. 'రోష్' అంటే బండరాయి, స్త్రీలింగ నామం. పక్కనున్న విశేషణం 'ఫోర్త్' అని కాక 'ఫోర్' అనే పలుకుతుంది.

ఇక ఈ తరగతి విశేషణాలకు '-మెంత్' చేరినప్పుడు ఎకారం లేని స్త్రీలింగానికే చేరింది. అందువల్ల ప్రాచీన ఫ్రెంచిలో 'బలంగా' అనడానికి 'ఫోర్మెంత్', 'గొప్పగా' అనడానికి 'గ్రాన్మెంత్' వంటి రూపాలుండేవి. మధ్యలోని తకారం హల్లుల నడుమ నలిగి పోయింది. ఇవి అపవాదాలు కావు. స్త్రీలింగ రూపానికి ప్రత్యయం చేర్చాలన్న సూత్రాన్ని అక్షరాలా పాటించిన రూపాలు.

'జాఁతిమాఁ' రూపసిద్ధి

'జెంతిల్'కు '-మెంత్' చేరితే 'జెంతిల్మెంత్'. ఇందులో లకారం తరువాత మకారం వచ్చింది. ప్రాచీన ఫ్రెంచిలో హల్లుకు ముందున్న లకారం నిలవదు. అకారం తరువాత అది ఉకారంగా మారుతుంది. 'గుర్రం' అనే అర్థంలో ఏకవచనం 'ష్వాల్', బహువచనం 'ష్వో' కావడానికి ఇదే మూలం. బహువచన సకారానికి ముందున్న లకారం ఉకారమై, అకారంతో కలిసి చివరికి ఓకారమయింది. 'నమ్మకమైన' అనే అర్థం గల 'లొయాల్' నుంచి ప్రాచీన క్రియావిశేషణం 'లొయౌమెంత్' కావడమూ అంతే. ఇకారం తరువాత మాత్రం లకారం మార్పు చెందక పూర్తిగా లోపిస్తుంది. 'కొడుకు' అనే పదాన్ని నేడు లకారంతో రాసినా 'ఫీస్' అనే పలుకుతారు. ఈ ధ్వనిసూత్రం ప్రకారం 'జెంతిల్మెంత్' నుంచి లకారం పోయి 'జెంతిమెంత్', దాని నుంచి నేటి 'జాఁతిమాఁ' సిద్ధించాయి.

ఈ రూపసిద్ధి ఊహ కాదని చూపడానికి ఫ్రెంచిలోనే మరొక పదం ఉంది. 'కులీనుడు' అనే అర్థం గల సమాసంలో 'జాఁతీ' పూర్వపదం, 'మనిషి' అనే అర్థం గల 'ఓమ్' ఉత్తరపదం. ఏకవచనంలో లకారానికి తరువాత అచ్చు ఉంది. అక్కడ అది నిలిచి, కాలక్రమంలో తాలవ్యమై యకారంగా మారి 'జాఁతియోమ్' అయింది. బహువచనంలో పూర్వపదానికి కూడా బహువచన సకారం చేరుతుంది. లకారానికి తరువాత హల్లు వచ్చింది, లకారం లోపించింది, 'జాఁతిజోమ్' అయింది. ఒకే సమాసం రెండు వచనాలలో అచ్చుకు ముందు లకారం గతినీ, హల్లుకు ముందు లకారం గతినీ పక్కపక్కనే చూపుతోంది. 'జాఁతిమాఁ'లో లకారానికి తరువాత ఉన్నది మకారం, అంటే హల్లు. ఫలితం 'జాఁతిజోమ్' ఫలితమే.

ఇక్కడ ఒక పొరపాటు అవగాహనను తొలగించడం అవసరం. 'అందమైన, చక్కని' అనే అర్థంలో ప్రాచీన ఫ్రెంచిలో 'జెంత్' అనే మరొక విశేషణం ఉండేది. 'జాఁతిమాఁ' దాని నుంచి వచ్చిందని అనుకోవడానికి వీలుంది గాని అది సరికాదు. 'జెంత్'కు స్త్రీలింగంలో ఎకారం ఉంది. దాని నుంచి ఏర్పడే రూపంలో తకారం తరువాత ఇకారం వచ్చే అవకాశం లేదు. 'జాఁతిమాఁ'లోని ఇకారమే దాని పుట్టుకను పట్టిచ్చే గుర్తు.

అర్థం కూడా ఇదే దారిలో కదిలింది. వంశానికి చెందినదనే అర్థం ప్రాచీన ఫ్రెంచిలో 'ఉన్నత వంశానికి చెందిన' అని బిగుసుకొని, ఆపై కులీనులకు తగిన ప్రవర్తనకూ, చివరకు సాధారణమైన మంచితనానికీ చేరింది. నేటి 'జాఁతిమాఁ' అంటే 'దయగా, మర్యాదగా, చక్కగా'. స్విట్జర్లాండు ఫ్రెంచిలో దానికి 'తొందర లేకుండా, నింపాదిగా' అనే అర్థం కూడా ఉంది.

ఎందుకు నిలిచింది?

ఎలా పుట్టిందో తెలిసినంత మాత్రాన ఎందుకు నిలిచిందో తెలియదు. 'ఫోర్మెంత్' కూడా అదే విధంగా పుట్టింది, కాని నిలవలేదు. రెండవ తరగతి విశేషణాలకు కూడా మొదటి తరగతిని చూసి స్త్రీలింగంలో ఎకారం చేరడం మొదలైంది. 'గ్రాఁద్', 'ఫోర్త్', 'జాఁతీయ్' అనే స్త్రీలింగ రూపాలు ఆ విధంగా వచ్చినవే. దానితో పాత క్రియావిశేషణాలు విశేషణాలకు దూరమయ్యాయి. కొత్త స్త్రీలింగానికి ప్రత్యయం చేర్చి 'ఫోర్త్‌మాఁ', 'గ్రాఁద్‌మాఁ', 'లొయాల్‌మాఁ' అని వాటిని మళ్లీ తయారు చేశారు. నేటి పాఠ్యగ్రంథం నియమబద్ధమని చూపే ఈ పదాలు చారిత్రకంగా పునర్నిర్మితాలు. నియమం తప్పిందని చూపే 'జాఁతిమాఁ' పాత రూపం. పాఠ్యగ్రంథాల పేర్లు తారుమారవుతాయని పైన అన్నది ఇందుకే.

మరి 'జాఁతిమాఁ'ను ఎందుకు మళ్లీ తయారు చేయలేదు? దీనికి సమాధానం అచ్చుతో ముగిసే విశేషణాలలో ఉందని తోస్తుంది. 'మర్యాదగల' అనే అర్థంలో 'పోలి', 'సాహసం గల' అనే అర్థంలో 'ఆర్ది' వంటి విశేషణాల స్త్రీలింగంలో ఇకారం తరువాత మూగ ఎకారం ఉంటుంది. అచ్చు తరువాత ఆ ఎకారం త్వరగా క్షీణించింది. క్రియావిశేషణంలో లిపిలోనూ పోయింది. 'పోలిమాఁ', 'ఆర్దిమాఁ' అలా వచ్చాయి. 'నిజమైన' అనే అర్థం గల 'వ్రె' నుంచి 'వ్రెమాఁ' కూడా అంతే. 'అందమైన' అనే అర్థం గల 'జోలి' చరిత్ర మరింత ఆసక్తికరం. అది ప్రాచీన కాలంలో 'జోలిఫ్', స్త్రీలింగం 'జోలీవ్'. పుంలింగంలో ఫకారం పోయాక స్త్రీలింగమూ దాన్ని అనుసరించి మారింది, క్రియావిశేషణం 'జోలిమాఁ' అయింది. ఈ విధంగా ఇకారాంతమైన విశేషణం నుంచి 'ఇమాఁ'తో ముగిసే క్రియావిశేషణం రావడం ఒక చిన్న తరగతిగా స్థిరపడింది.

'జాఁతీ' పుంలింగ రూపాన్ని లకారంతో రాస్తారు, పలకరు. చెవికి అది 'పోలి', 'జోలి'ల వంటి ఇకారాంత పదమే. 'జోలి'కి 'జోలిమాఁ' ఉన్నప్పుడు 'జాఁతీ'కి 'జాఁతిమాఁ' ఉండడంలో వక్తకు వింత ఏమీ తోచదు. అపవాదంగా కనిపించేది రాతలో చూసేవారికి, అందులోనూ స్త్రీలింగం నుంచి బయలుదేరేవారికి. 'ఫోర్మెంత్'కు ఇటువంటి తోడు లేదు. తకారం పోయిన ఆ రూపాన్ని ఆదుకొనే తరగతి ఏదీ దాని పక్కన నిలవలేదు. పుట్టుక ఒకటే అయినా బ్రతుకు వేరు కావడానికి తోటి పదాల మద్దతే కారణమని భావించవచ్చు.

ఈ ఊహను పరీక్షించడానికి మరొక పెద్ద సముదాయం ఉంది. 'స్థిరమైన' అనే అర్థం గల 'కోఁస్తాఁ', 'వివేకం గల' అనే అర్థం గల 'ప్రుదాఁ' వంటి విశేషణాలు లాటిన్ వర్తమాన కృదంతాల నుంచి, వాటిని పోలిన రూపాల నుంచి వచ్చాయి. ఇవీ ఒకే రూపం గల రెండవ తరగతివే. వాటికి కూడా తరువాత స్త్రీలింగంలో ఎకారం చేరి 'కోఁస్తాఁత్', 'ప్రుదాఁత్' అయ్యాయి. క్రియావిశేషణాలు మాత్రం పాత రూపం నుంచే నిలిచాయి. హల్లుల నడుమ తకారం పోయి, నకారం మకారంగా మారి, 'కోఁస్తమాఁ', 'ప్రుదమాఁ' సిద్ధించాయి. ఇవి ఒంటరి పదాలు కావు, పదుల సంఖ్యలో ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయి. అందుకే పునర్నిర్మాణం వాటిని కదిలించలేకపోయింది. గుంపు నుంచి విడిపోయి కొత్త రూపం పొందినవి కొన్నే. 'ప్రస్తుతం' అనే అర్థం గల 'ప్రేజాఁత్‌మాఁ' అటువంటిది.

'నెమ్మదిగా' అనే అర్థం గల 'లాఁత్‌మాఁ'ను కూడా పాఠ్యగ్రంథాలు ఈ గుంపుకు అపవాదంగానే చూపుతాయి. అది అన్యాయం. దాని మూలమైన 'లెంతుస్' మొదటి తరగతి విశేషణం, స్త్రీలింగం 'లెంతా'. దానికి ఎకారం తొలినుంచీ ఉంది. 'ప్రుదాఁ', 'లాఁ' అనే రెండు పుంలింగ రూపాల చివర ధ్వని నేడు ఒకటి కావడం వల్ల రెండూ ఒకే గుంపుగా కనిపిస్తున్నాయి, అంతే.

'ప్రుదమాఁ'లో దకారం తరువాత రాసేది ఎకారం, పలికేది అకారం. 'స్త్రీ' అనే అర్థం గల 'ఫామ్'లోనూ ఇదే స్థితి. నకార మకారాల ముందు ఎకారం అనునాసికమై అకారంతో కలిసిపోయింది. తరువాతి కాలంలో, హల్లు స్వయంగా పలికే చోట ఆ అనునాసికత పోయింది, అకారం మిగిలింది. ఈ రెండవ మార్పు పదిహేడవ శతాబ్దిలో ఇంకా పూర్తికాలేదనడానికి మోలియేర్ 1672 నాటి నాటకం 'లే ఫామ్ సవాఁత్'లో ఒక హాస్య సంభాషణ సాక్ష్యం. వ్యాకరణాన్ని అవమానిస్తున్నావని యజమానుల ఇంటివారు గద్దిస్తే, చదువులేని దాసి తన అమ్మమ్మను ఎవరు అవమానించారని అడుగుతుంది. 'వ్యాకరణం' అనే పదం అప్పుడు 'గ్రాఁమేర్' అని పలికితేనే ఈ శ్లేష పొసగుతుంది. నేడు అది 'గ్రమేర్'. ఈ శ్లేష 'గ్రాఁ-మేర్'లో ఎకారం లేదన్న సంగతిని కూడా వెంట తెచ్చింది.

చరిత్ర సమర్థించనివి

ఫ్రెంచి అపవాదాలన్నీ పాత నియమాల శేషాలేనని ఇంతవరకు చూసిన వాటిని బట్టి నిర్ణయించడం తొందరపాటు. 'ఏమాఁ'తో ముగిసే సముదాయం ఆ నిర్ణయానికి అడ్డుపడుతుంది. 'కచ్చితమైన' అనే అర్థంలో 'ప్రేసి', స్త్రీలింగం 'ప్రేసీజ్', కాని క్రియావిశేషణం 'ప్రేసీజ్‌మాఁ' కాదు, 'ప్రేసీజేమాఁ'. 'విపరీతమైన' అనే అర్థం గల 'ఏనోర్మ్' నుంచి 'ఏనోర్మేమాఁ', 'లోతైన' అనే అర్థం గల 'ప్రోఫోఁ' నుంచి 'ప్రోఫోఁదేమాఁ', 'సాధారణమైన' అనే అర్థం గల 'కోమఁ' నుంచి 'కోమునేమాఁ'. మధ్యలో అదనంగా వచ్చిన ఏకారం ఏ స్త్రీలింగంలోనూ లేదు.

దీనికి ఒక వివరణ లాటిన్‌ను చూపుతుంది. పండితులు లాటిన్ క్రియావిశేషణాల పదాంత '-ఏ'ను స్పష్టంగా పలికేవారు గనుక, దాని ప్రభావం ఫ్రెంచి రూపాలపై పడిందని ఆ వివరణ. 'ప్రేసీజేమాఁ', 'ప్రోఫోఁదేమాఁ' విషయంలో ఇది సరిపోతుంది, వాటి లాటిన్ క్రియావిశేషణాలు '-ఏ'తోనే ముగుస్తాయి. 'ఏనోర్మేమాఁ', 'కోమునేమాఁ' దగ్గర మాత్రం విఫలమవుతుంది. వాటి విశేషణాలు లాటిన్‌లో రెండవ తరగతివి, అక్కడ క్రియావిశేషణ ప్రత్యయం '-ఇతెర్'. ఏకారాన్ని ఇచ్చేందుకు లాటిన్‌లో ఏమీ లేదు.

రెండవ వివరణ ఫ్రెంచి లోపలిది. ఏకారాంతమైన భూతకృదంతాలు విశేషణాలుగా మారి, సహజంగానే 'ఏమాఁ'తో ముగిసే క్రియావిశేషణాలను ఇచ్చాయి. 'సులభమైన' అనే అర్థం గల 'ఎజే' నుంచి 'ఎజేమాఁ', 'వేరైన' అనే అర్థం గల 'సెపారే' నుంచి 'సెపారేమాఁ'. వీటిని విన్నవారు ఏకారాన్ని ప్రత్యయంలో భాగంగా విడదీసుకొని ఇతర విశేషణాలకు చేర్చారు. ఆ విడదీత ఎక్కడ సులభమో 'గుడ్డి' అనే అర్థం గల 'అవొగ్ల్' చూపుతుంది. దానికి పక్కనే 'అవొగ్లే' (గుడ్డివాడైన) అనే కృదంతం ఉంది. 'అవొగ్లేమాఁ' (గుడ్డిగా) అనే క్రియావిశేషణం ఈ రెండింటిలో దేని నుంచి వచ్చిందో రూపాన్ని బట్టి చెప్పలేము. ఇదే ధాతువు నుంచి 'అవొగ్లెమాఁ' అనే నామం కూడా ఉంది, 'అంధత్వం' దాని అర్థం. అందులోని '-మాఁ' మనస్సు కాదు. క్రియల నుంచి భావనామాలను ఏర్పరచే '-మెంతుమ్' అనే వేరొక లాటిన్ ప్రత్యయం అది. రాతలో ఒకే విధంగా ముగిసే ఈ రెండు పదాలను వేరుచేసేది ఏకారంపై పెట్టే ఒక్క గుర్తే. ఏకారం ఉన్నది క్రియావిశేషణం, లేనిది నామం. ఆ గుర్తు జారిపోతే 'గుడ్డిగా విధేయుడైనాడు' అన్న వాక్యంలో 'అంధత్వం' వచ్చి కూర్చుంటుంది.

అచ్చు తరువాత ఎకారం లోపించిన పదాల రాతలోనూ చరిత్ర పూర్తిగా సహకరించదు. ఉకారాంత విశేషణాలలో లోపించిన ఎకారానికి గుర్తుగా కొన్నింటిలో ఉకారంపై టోపీ వంటి చిహ్నం పెట్టారు. 'శ్రద్ధగా' అనే అర్థం గల 'అసిదుమాఁ'కు ఆ చిహ్నం ఉంది. 'పూర్తిగా' అనే అర్థం గల 'అబ్సోలుమాఁ'కు లేదు. రెండింటిలోనూ లోపించింది ఒకే ఎకారం, ఈ భేదానికి ధ్వనిపరమైన కారణమేమీ లేదు. 1990 డిసెంబరు 6న ప్రభుత్వ పత్రికలో వెలువడిన వర్ణక్రమ సవరణలు ఇటువంటి చోట ఆ చిహ్నం అవసరం లేదన్నాయి. పాత రాతా కొత్త రాతా నేడు రెండూ చెల్లుతున్నాయి.

'క్లుప్తంగా' అనే అర్థం గల 'బ్రియెవ్‌మాఁ' మళ్లీ శేషాల వైపే నిలుస్తుంది. దాని విశేషణం ప్రాచీన ఫ్రెంచిలో 'బ్రియెఫ్', నేడు 'బ్రెఫ్'. విశేషణంలో పోయిన యకారం క్రియావిశేషణంలో మిగిలింది. 'తీవ్రంగా' అనే అర్థం గల 'గ్రియెవ్‌మాఁ'ను ముఖ్యంగా గాయపడిన సందర్భంలో వాడతారు, రోగానికి మాత్రం 'గ్రావ్‌మాఁ' అంటారు. పాత విశేషణం 'గ్రియెఫ్' ఆ అర్థంలో వాడుక తప్పింది, దాని క్రియావిశేషణం గాయాల వార్తలలో బ్రతికి ఉంది.

'శిక్ష లేకుండా' అనే అర్థం గల 'ఎఁపునేమాఁ' వీటన్నింటికీ ఎదురు నిలిచే పదం. దాని విశేషణం 'ఎఁపుని', ఇకారాంతం. 'పోలిమాఁ' వంటి 'ఎఁపునిమాఁ' రావాలి, మధ్యకాలపు ఫ్రెంచిలో దానికి తగిన పూర్వరూపం ఉండేది కూడా. లాటిన్ క్రియావిశేషణం 'ఇంపూనె'ను చూసి పండితులు దాన్ని సవరించారు, సవరించిన రూపమే నిలిచింది. 'జాఁతిమాఁ'ను నిలబెట్టిన ఇకారాంత తరగతి ఈ పదాన్ని మాత్రం నిలుపుకోలేకపోయింది. నోటి వాడుకలోని పదానికి తోటి పదాలు ఆసరా అయితే, గ్రంథాలలోని పదానికి లాటిన్ ఆసరా అయింది. నేటి సూత్రానికీ పాత సూత్రానికీ కూడా 'ఎఁపునేమాఁ' అపవాదమే.